ఒక్క గుర్తు, మూడు పట్టికలు: జర్మన్ విశేషణాల లెక్క

జర్మన్ క్లాసులో మొదటి వారంలోనే కొన్ని పలకరింపులు నోటికి వచ్చేస్తాయి. పగలు ఎవరైనా కనిపిస్తే ‘గూటెన్ టాగ్’. రాత్రి పడుకునే ముందు ‘గూటె నాఖ్ట్’. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరేటప్పుడు ‘షోనెస్ వొఖెన్‌ఎండె’, అంటే శని ఆదివారాలు హాయిగా గడవాలని. ఉత్తరం చివర సంతకానికి ముందు ‘మిట్ ఫ్రొయిండ్‌లిషెన్ గ్రూసెన్’. వీటిని నేర్చుకునేవాళ్లు అర్థం చూసుకుంటారు, ఉచ్చారణ చూసుకుంటారు, ముందుకు వెళ్లిపోతారు. ‘మంచి’ అనే మాట జర్మన్‌లో ‘గూట్’ కదా, అది పగటి పక్కన గూటెన్, రాత్రి పక్కన గూటె ఎందుకైంది అనే అనుమానం అప్పటికి రాదు. ఏ2 స్థాయి పుస్తకం చేతికొచ్చాక వస్తుంది. అక్కడ విశేషణాల ఎండింగ్‌ల మీద మూడు పట్టికలు ఉంటాయి. ఒక్కో దానిలో 16 గళ్లు, మొత్తం 48. చాలామంది జర్మన్ చదువు అక్కడే తడబడుతుంది.

నిజానికి ఆ మూడు పట్టికలూ ఒకే సూత్రానికి మూడు రూపాలు. ఆ సూత్రం తెలియకుండా బట్టీ పడితే 48 గళ్లూ 48 సంగతులుగా కనిపిస్తాయి. తెలిస్తే గుర్తుపెట్టుకోవలసింది చాలా తగ్గిపోతుంది.

ముందు మన భాష సంగతి చూద్దాం. చిన్న కుక్క, చిన్న కుక్కను, చిన్న కుక్కకు, చిన్న కుక్కలు. ‘చిన్న’ ఎక్కడా మారలేదు. మారినదంతా కుక్క చివరే. వాక్యంలో ఆ కుక్క పని చేస్తోందా, పని దాని మీద జరుగుతోందా, దానికి ఏదైనా ఇస్తున్నారా అన్నది చెప్పే గుర్తును తెలుగు నామవాచకం చివర తగిలిస్తుంది. జర్మన్‌లో నామవాచకం చాలావరకు కదలదు. కుక్క, అంటే ‘హుండ్’, కర్త అయినా హుండే, కర్మ అయినా హుండే. అందుకని ఆ గుర్తు దానికి ముందు వచ్చే మాటల మీద పడుతుంది. ముందు ఆర్టికల్ ఉంటే ఆర్టికల్ మీద. అది లేకపోయినా, ఉండి గుర్తు చూపకపోయినా, విశేషణం మీద.

హిందీ తెలిసినవారికి అచ్ఛా లడ్కా, అచ్ఛీ లడ్కీ గుర్తుకు రావచ్చు. అక్కడ విశేషణం తన వెనకాల వచ్చే మాటను చూసి మారుతుంది. జర్మన్ విశేషణం వెనకా చూస్తుంది, ముందూ చూస్తుంది. తన ముందున్న ఆర్టికల్ గుర్తును ఇప్పటికే చూపించిందా లేదా అన్నదాన్ని బట్టి తాను ఎంత చెప్పాలో తేల్చుకుంటుంది. మూడు పట్టికలు పుట్టింది ఇందుకే.

పట్టికలు చదవడానికి రెండు సంగతులు చాలు. నిలువు వరుసలు లింగానివి: పుంలింగం, నపుంసకలింగం, స్త్రీలింగం, ఆ తర్వాత అందరికీ ఉమ్మడిగా బహువచనం. అడ్డ వరుసలు విభక్తులవి: కర్తగా ఉంటే నామినేటివ్, ‘ను’ తగిలే కర్మ అయితే అక్యూజేటివ్, ‘కి’ తగిలేచోట, ఇంకా ‘మిట్’ లాంటి కొన్ని మాటల తర్వాత డేటివ్, ‘యొక్క’ అనదగిన చోట జెనిటివ్. చివరి ‘ఎర్’ను మాటల్లో జర్మన్లు దాదాపు ‘అ’లా పలుకుతారు. ఇక్కడ మాత్రం రాతను అనుసరించి ఎర్ అనే రాస్తున్నాను.

మొదటి పట్టిక: నిశ్చిత ఆర్టికల్ తర్వాత

| | పుంలింగం | నపుంసకం | స్త్రీలింగం | బహువచనం |
|---|---|---|---|---|
| నామినేటివ్ | డేర్ … -ఎ | డాస్ … -ఎ | డీ … -ఎ | డీ … -ఎన్ |
| అక్యూజేటివ్ | డేన్ … -ఎన్ | డాస్ … -ఎ | డీ … -ఎ | డీ … -ఎన్ |
| డేటివ్ | డేమ్ … -ఎన్ | డేమ్ … -ఎన్ | డేర్ … -ఎన్ | డేన్ … -ఎన్ |
| జెనిటివ్ | డెస్ … -ఎన్ | డెస్ … -ఎన్ | డేర్ … -ఎన్ | డేర్ … -ఎన్ |

ఈ పట్టికలో పనంతా ఆర్టికల్‌దే. డేర్, డేన్, డేమ్, డెస్ అంటూ అది రూపం మార్చుకుంటుంది. లింగం, విభక్తి దాన్నిబట్టే తెలుస్తాయి. విశేషణానికి చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు. అందుకే ఇక్కడ ఎండింగ్‌లు రెండే: ఎ, ఎన్. పైన ఏకవచనంలో అయిదు గళ్లలో ఎ, మిగిలిన 11 గళ్లలో ఎన్. చిన్న కుక్క కర్త అయితే ‘డేర్ క్లైనె హుండ్’, దాన్ని ఎవరైనా చూస్తే ‘డేన్ క్లైనెన్ హుండ్’, దానికి ఏదైనా ఇస్తే ‘డేమ్ క్లైనెన్ హుండ్’.

ఆ అయిదు గళ్లు ఎక్కడున్నాయో గుర్తుంటే ఈ పట్టిక వచ్చేసినట్టే. నామినేటివ్‌లో మూడు లింగాలూ, అక్యూజేటివ్‌లో పుంలింగం తప్ప మిగిలిన రెండూ. ఆర్టికల్ తన మూలరూపంలో, అంటే డేర్, డాస్, డీగా కర్త, కర్మ స్థానాల్లో నిలబడే ఏకవచనపు గళ్లు ఇవే. స్త్రీలింగ డేటివ్‌లోనూ, జెనిటివ్‌లోనూ కూడా డేర్ కనిపిస్తుంది కానీ అది ‘డీ’ మారిన రూపం, కాబట్టి ఎన్ వస్తుంది. దీనివల్ల ఒక మేలుంది. ‘డేర్ ఆల్టె’ అని వినగానే ముసలాయన కర్త అని తెలుస్తుంది. ‘డేర్ ఆల్టెన్’ అంటే ముసలావిడకో, ముసలావిడదో, లేదా బహువచనంలో ముసలివాళ్లదో అయి ఉండాలి. ఆర్టికల్ ఒకటే అయినా చివరి ఎన్ తేడా చూపించింది.

ఈ పట్టిక డేర్, డాస్, డీలకు మాత్రమే పరిమితం కాదు. ‘ఈ’ అనే అర్థంలో వచ్చే డీజెర్, ‘ప్రతి’ అనే యేడెర్, ‘ఏ’ అని అడిగే వెల్షెర్, ‘అందరూ, అన్నీ’ అనే ఆల్లె కూడా డేర్ లాగే రూపాలు మారుస్తాయి కాబట్టి వాటి తర్వాతా ఇదే పట్టిక.

రెండో పట్టిక: అనిశ్చిత ఆర్టికల్ తర్వాత

| | పుంలింగం | నపుంసకం | స్త్రీలింగం | బహువచనం |
|---|---|---|---|---|
| నామినేటివ్ | ఐన్ … -ఎర్ | ఐన్ … -ఎస్ | ఐనె … -ఎ | కైనె … -ఎన్ |
| అక్యూజేటివ్ | ఐనెన్ … -ఎన్ | ఐన్ … -ఎస్ | ఐనె … -ఎ | కైనె … -ఎన్ |
| డేటివ్ | ఐనెమ్ … -ఎన్ | ఐనెమ్ … -ఎన్ | ఐనెర్ … -ఎన్ | కైనెన్ … -ఎన్ |
| జెనిటివ్ | ఐనెస్ … -ఎన్ | ఐనెస్ … -ఎన్ | ఐనెర్ … -ఎన్ | కైనెర్ … -ఎన్ |

‘ఒక’ అనే అర్థం కాబట్టి ఐన్‌కు బహువచనం లేదు. ఆ వరుసలో ‘ఏదీ కాదు, లేదు’ అనే కైన్‌ను పెట్టాం. నా, నీ, మా అని చెప్పే మైన్, డైన్, ఉన్‌సెర్ వంటివన్నీ ఐన్ దారిలోనే నడుస్తాయి.

మొదటి పట్టికతో పోల్చి చూడండి. మారినవి మూడే గళ్లు. ఆ మూడు చోట్లా ఐన్ బోడిగా ఉంది, దాని చివర ఏ గుర్తూ లేదు. ‘ఐన్’ అని వింటే తర్వాత వచ్చేది పుంలింగమో నపుంసకమో చెప్పలేం. ఆర్టికల్ చెప్పని మాట విశేషణం చెప్పాలి. అందుకే పుంలింగానికి ‘డేర్’లోని ఎర్‌ను, నపుంసకానికి ‘డాస్’లోని ఎస్‌ను విశేషణం తీసుకుంటుంది. ‘ఐన్ క్లైనెర్ హుండ్’ ఒక చిన్న కుక్క, ‘ఐన్ క్లైనెస్ హౌస్’ ఒక చిన్న ఇల్లు. ఐనెన్, ఐనెమ్, ఐనెర్ వచ్చిన చోట ఆర్టికలే గుర్తు మోస్తోంది కాబట్టి విశేషణం మళ్లీ మామూలు ఎన్‌కు వెళ్లిపోయింది.

అమెరికన్ రచయిత మార్క్ ట్వెయిన్ 1880లో వెలువడిన తన యూరప్ యాత్రా పుస్తకానికి అనుబంధంగా జర్మన్ భాష మీద ఒక హాస్య వ్యాసం రాశారు. విశేషణాల బాధ చూపించడానికి ఆయన ఎంచుకున్నది ‘నా మంచి స్నేహితుడు’ అనే మాట. దాన్ని నాలుగు విభక్తుల్లో, రెండు వచనాల్లో నడిపి, ఇన్ని రూపాలా అని వాపోయారు. నవ్వు తెప్పించే వ్యాసమే కానీ, ఆ ఎనిమిది రూపాలనూ రెండో పట్టిక పక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. మారుతున్నది ముఖ్యంగా ‘నా’ అనే మాట. ‘మంచి’కి ఉన్న రూపాలు రెండే: కర్తగా ఉన్న ఏకవచనంలో ‘మైన్ గూటెర్ ఫ్రొయిండ్’, మిగిలిన ఏడు చోట్లా గూటెన్. ట్వెయిన్ ఏ భారం గురించి గోల పెట్టారో అందులో విశేషణం వాటా చాలా తక్కువ.

మూడో పట్టిక: ఆర్టికల్ లేనప్పుడు

| | పుంలింగం | నపుంసకం | స్త్రీలింగం | బహువచనం |
|---|---|---|---|---|
| నామినేటివ్ | -ఎర్ | -ఎస్ | -ఎ | -ఎ |
| అక్యూజేటివ్ | -ఎన్ | -ఎస్ | -ఎ | -ఎ |
| డేటివ్ | -ఎమ్ | -ఎమ్ | -ఎర్ | -ఎన్ |
| జెనిటివ్ | -ఎన్ | -ఎన్ | -ఎర్ | -ఎర్ |

టీ, నీళ్లు, పాలు వంటి లెక్కపెట్టలేని పదార్థాలకూ, ‘ఫలానావి’ అని చెప్పని బహువచనాలకూ జర్మన్‌లో తరచు ఆర్టికల్ ఉండదు. హోటల్ మెనూ కార్డు నిండా ఇలాంటివే ఉంటాయి. ష్వార్ట్సెర్ టే (పాలు కలపని టీ), కాల్టెస్ వాసెర్ (చల్లని నీళ్లు), ఫ్రిషె మిల్ష్ (తాజా పాలు). టే పుంలింగం, వాసెర్ నపుంసకం, మిల్ష్ స్త్రీలింగం. ముందు మోసేవాళ్లు ఎవరూ లేరు కనుక గుర్తు మొత్తం విశేషణమే మోస్తోంది. డేర్‌కు ఎర్, డాస్‌కు ఎస్, డీకి ఎ, డేమ్‌కు ఎమ్. అంటే మొదటి పట్టికలోని ఆర్టికల్‌ల చివరలే తీసి విశేషణాలకు అతికించారు. కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు.

రెండు గళ్లలో మాత్రం లెక్క తప్పింది. పుంలింగ, నపుంసక జెనిటివ్‌లలో డెస్‌ను బట్టి ఎస్ రావాలి, వచ్చింది ఎన్. కారణం ఇదే సూత్రంలో ఉంది. ఈ రెండు చోట్ల సాధారణంగా నామవాచకం కూడా నోరు విప్పుతుంది, తన చివర స్ చేర్చుకుంటుంది. ‘ట్రోట్స్ ష్టార్కెన్ రేగెన్స్’ అంటే జోరు వాన ఉన్నా సరే అని. రేగెన్ (వాన) తానే రేగెన్స్ అయింది, గుర్తు కనిపించింది. విశేషణం దాన్ని మళ్లీ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు పలకరింపుల లెక్క తేలిపోతుంది. అవన్నీ ‘మీకు కోరుకుంటున్నాను’ అన్న మాట మింగేసిన వాక్యాలు. కోరుకునేది కర్మ, కాబట్టి అక్యూజేటివ్. ఆర్టికల్ లేదు, కాబట్టి మూడో పట్టిక. టాగ్ పుంలింగం: గూటెన్. నాఖ్ట్ స్త్రీలింగం: గూటె. వొఖెన్‌ఎండె నపుంసకం: షోనెస్. ఉత్తరం చివరి మాటలో ‘మిట్’ ఉంది, అది డేటివ్ కోరుతుంది, గ్రూసెన్ బహువచనం, కనుక ఫ్రొయిండ్‌లిషెన్. మూడో పట్టికలో ఏ గడి మీదైనా అనుమానం వస్తే ఇలా నోటికి వచ్చిన పలకరింపుతో సరిచూసుకోవచ్చు.

నేర్చుకునేవారు పుస్తకాల్లో ఈ మూడింటికీ పేర్లు కూడా చూస్తారు: మొదటిది బలహీన రూపం, మూడోది బలమైన రూపం, రెండోది మిశ్రమ రూపం. బలం, బలహీనత అనే ఈ మాటలను జర్మన్ వ్యాకరణంలోకి తెచ్చినది యాకోబ్ గ్రిమ్. తమ్ముడితో కలిసి జానపద కథలు సేకరించిన గ్రిమ్ ఆయనే. ఆయన జర్మన్ వ్యాకరణం మొదటి సంపుటం 1819లో వచ్చింది. బలమైన రూపం అంటే సొంతంగా గుర్తు చూపగలిగేది. బలహీనమైనది ఆ పని ఆర్టికల్‌కు వదిలేసేది. మిశ్రమం అంటే మూడు గళ్లలో బలం, మిగతా చోట్ల బలహీనత.

ఇక ఒక నిజమైన వాక్యం తీసుకుందాం. జర్మనీ వెళ్లిన విద్యార్థికి ముందుగా పడే పని ఇల్లు వెతుక్కోవడం. ‘ప్రశాంతమైన ఇంట్లో, పెద్ద బాల్కనీ ఉన్న, వెలుతురు బాగా వచ్చే ఫ్లాట్ వెతుకుతున్నాను’ అని ప్రకటన ఇవ్వాలి. జర్మన్‌లో అది ఇలా ఉంటుంది: ‘ఇష్ జూఖె ఐనె హెల్లె వోనుంగ్ మిట్ గ్రోసెమ్ బాల్కోన్ ఇన్ ఐనెమ్ రూయిగెన్ హౌస్.’

మూడు విశేషణాలు, మూడూ వేర్వేరు ఎండింగ్‌లతో. ఒక్కొక్కదాన్నీ అవే మూడు ప్రశ్నలు అడగాలి: లింగం ఏమిటి, విభక్తి ఏమిటి, ముందున్న మాట గుర్తు చూపిందా. వోనుంగ్ (ఫ్లాట్) స్త్రీలింగం. వెతికేది దాన్నే, కాబట్టి అక్యూజేటివ్. ముందున్న ఐనె తన చివరి ఎతో గుర్తు చూపింది. రెండో పట్టిక ప్రకారం హెల్లె. బాల్కోన్ పుంలింగం. ‘మిట్’ తర్వాత డేటివ్. ఆర్టికల్ లేదు. కాబట్టి ‘డేమ్’ చివర ఉన్న ఎమ్‌ను విశేషణమే మోయాలి: గ్రోసెమ్. హౌస్ నపుంసకం. ‘ఇన్’ ఇక్కడ ఉన్న చోటును చెబుతోంది కాబట్టి డేటివ్. ఐనెమ్‌లో ఎమ్ వచ్చేసింది. విశేషణానికి ఎన్ చాలు: రూయిగెన్.

ఇల్లు చూశాక అదే బాల్కనీ గురించి మాట్లాడితే అది ఫలానా బాల్కనీ అవుతుంది, ఆర్టికల్ వచ్చి చేరుతుంది: ‘మిట్ డేమ్ గ్రోసెన్ బాల్కోన్’. విభక్తి మారలేదు, లింగం మారలేదు. ఎమ్ విశేషణం మీద నుంచి ఆర్టికల్ మీదికి జరిగింది, అంతే. ‘మిట్ గ్రోసెమ్’, ‘మిట్ డేమ్ గ్రోసెన్’ అనే ఈ జంటను నాలుగుసార్లు పైకి చదివితే మూడు పట్టికల మధ్య సంబంధం చెవికి అందుతుంది.

తప్పులు ఎక్కువగా జరిగేది కూడా ఈ జంట దగ్గరే. ‘మిట్ గ్రోసెన్ బాల్కోన్’ అని రాస్తే ఎమ్ ఎక్కడా లేకుండా పోయింది. ‘మిట్ డేమ్ గ్రోసెమ్ బాల్కోన్’ అని రాస్తే రెండుసార్లు వచ్చింది. రాసింది సరిచూసుకోవడానికి ఎమ్ మంచి పరీక్ష: పుంలింగ, నపుంసక డేటివ్‌లో అది ఒకసారి కనిపించాలి, ఆర్టికల్ మీదో విశేషణం మీదో. విశేషణాలు రెండు వరసగా ఉండి ఆర్టికల్ లేకపోతే మాత్రం రెండింటికీ ఒకే ఎండింగ్ వస్తుంది, ఎందుకంటే అవి పక్కపక్కన ఒకే పని చేస్తున్నాయి. ఈ పరీక్షను ఎ, ఎన్‌లకు పెట్టకండి. ‘ఐనె హెల్లె’లో ఎ రెండుసార్లు, ‘ఐనెన్ గూటెన్’లో ఎన్ రెండుసార్లు కనిపిస్తాయి. బలహీన ఎండింగ్‌ల రూపం గుర్తు రూపంతో కలిసిపోవడం వల్ల అలా కనిపిస్తుంది తప్ప అవి తప్పులు కావు.

ఆర్టికల్ ఉందా లేదా అన్నదే తికమక పెట్టే చోట్లు కొన్ని ఉన్నాయి. ‘ఇమ్’ అంటే ‘ఇన్ డేమ్’ కలిసిపోయిన రూపం. ‘ట్సుర్’లో డేర్ దాగి ఉంది. కాబట్టి ‘ఇమ్ క్లైనెన్ హౌస్’ అన్నది మొదటి పట్టిక. ‘మా’ అనే ఉన్‌సెర్ చివర ఎర్ వినిపిస్తుంది కానీ అది ఆ మాటలో పుట్టుకతో ఉన్నది, గుర్తు కాదు. అందుకే ‘ఉన్‌సెర్ ఆల్టెర్ హుండ్’ అనాలి. బహువచనంలో ‘చాలా’ అనే ఫీలె, ఆర్టికల్ లేకుండా వచ్చే రెండు, మూడు వంటి అంకెలు మూడో పట్టికను అనుసరిస్తాయి: ‘ఫీలె క్లైనె కిండెర్’, అంటే చాలామంది చిన్నపిల్లలు. ‘అందరూ’ అనే ఆల్లె వస్తే మొదటి పట్టిక: ‘ఆల్లె క్లైనెన్ కిండెర్’. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన గుర్తుంటే చాలు.

పట్టికలు పనికిరాని చోట్లూ ఉన్నాయి. విశేషణం నామవాచకానికి ముందు కాకుండా వాక్యం చివర, ‘టీ చల్లగా ఉంది’ అన్నట్టు వస్తే దానికి ఏ ఎండింగూ లేదు: ‘డేర్ టే ఇస్ట్ కాల్ట్’. గులాబీ రంగును చెప్పే రోసా, ఊదారంగు లీలా ప్రామాణిక భాషలో మారవు. ఊరి పేరు నుంచి పుట్టిన బెర్లీనెర్ వంటి విశేషణాలు ఎక్కడైనా బెర్లీనెర్‌గానే ఉంటాయి. అన్నిటికంటే పెద్ద పరిమితి లింగం. నామవాచకం ఏ లింగమో తెలియకపోతే ఏ వరుసలో చూడాలో తెలియదు, ఆ సంగతి ఏ పట్టికా చెప్పదు. కొత్త మాటను ఎప్పుడూ డేర్, డాస్, డీతో కలిపే రాసుకోమని ఉపాధ్యాయులు పదేపదే చెప్పేది ఇందుకే.

చదవడానికి ఒక వరస పెట్టుకుంటే ఇలా ఉండాలి. మొదట ఆర్టికల్ రూపాలు నోటికి రావాలి. మూడో పట్టికకు కావలసినదంతా వాటిలోనే ఉంది. తర్వాత మొదటి పట్టికలోని అయిదు ఎలు. తర్వాత ఐన్ బోడిగా ఉండే మూడు గళ్లు. చివరగా జెనిటివ్‌లోని రెండు మినహాయింపులు. 48 గళ్లకు బదులు ఈ నాలుగు మెట్లు.

మెట్లు ఎక్కారో లేదో చూసుకోవడానికి మూడు చిన్న లెక్కలు. ‘నా పాత కారు ఇక్కడ ఉంది’ అనడానికి మైన్ తర్వాత ‘ఆల్ట్’కు ఏం చేర్చాలి? కారు, అంటే ఔటో, నపుంసకం. ‘వేడి పాలతో’ అనడానికి మిట్ తర్వాత ‘హైస్’కు ఏం చేర్చాలి? ‘కొత్త బూట్లు కొంటున్నాను’ అని, ఫలానా బూట్ల గురించి చెప్పడానికి డీ తర్వాత ‘నొయి’కి ఏం చేర్చాలి? మొదటిదానికి ఆల్టెస్: మైన్ బోడిగా ఉంది, ఎస్‌ను విశేషణం మోయాలి. రెండోదానికి హైసెర్: మిల్ష్ స్త్రీలింగం, మిట్ వల్ల డేటివ్, ఆర్టికల్ లేదు. మూడోదానికి నొయెన్: నిశ్చిత ఆర్టికల్ తర్వాత బహువచనంలో ఎన్ తప్ప ఇంకోటి రాదు.